సభ్యుని ఫోనులో పాల లెక్క: వెబ్ యాప్ చాలునా, స్టోర్ యాప్ కావలెనా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో మేము తనిఖీకి వెళ్లిన సంఘాలలో ఈ మధ్య ఒకే ప్రశ్న ఎదురవుతున్నది. "పొద్దున పోసిన పాలకు ఫ్యాట్ ఎంత వచ్చిందో, 15 రోజుల బిల్లు ఎంత అయిందో ఫోనులోనే చూసుకొనేటట్లు ఒక యాప్ చేయిస్తే ఏం సార్?" అని సభ్యులు అడుగుతున్నారు. కోరిక న్యాయమైనదే. అయితే యాప్ అనగానే ప్లే స్టోర్ నుంచి దించుకొనేది ఒక్కటే అందరి మనసులో మెదులుతుంది. అంతకంటె తేలికైన రెండవ దారి ఉన్నది. ఏది సరిపోతుందో తేల్చుకోకముందే కార్యవర్గం ఖర్చుకు తీర్మానం చేయడం మంచిది కాదు.

రెండవ దారి పేరు ప్రోగ్రెసివ్ వెబ్ యాప్. దీనిని మనం వెబ్ యాప్ అందాము. ఇది నిజానికి ఒక వెబ్ పేజీ. కార్యదర్శి పంపిన చిరునామాను క్రోమ్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో `Add to Home screen` అన్న చోట నొక్కితే ఫోను తెరమీద సంఘం బొమ్మ కూర్చుంటుంది. తరువాత ఆ బొమ్మను నొక్కితే మామూలు యాప్ మాదిరిగానే తెరుచుకొంటుంది. ఐఫోనులో అయితే సఫారీలో షేర్ గుర్తు నొక్కి ఈ పని చేయాలి. పేజీతోపాటు ఒక చిన్న ప్రోగ్రాము కూడ ఫోనులోకి వస్తుంది. దానిని సర్వీస్ వర్కర్ అంటారు. సిగ్నల్ ఉన్నప్పుడు తెచ్చిన లెక్కల నకలును అది ఫోనులో భద్రపరచి, సిగ్నల్ లేనప్పుడు ఆ నకలునే చూపుతుంది. ఈ ఏర్పాటు పనిచేయాలంటే పేజీ చిరునామా `https://` తో మొదలయ్యేదై ఉండాలి.

ఇది కొత్త వింత కాదు. మదనపల్లె నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే బెంగళూరులోనే పెద్ద వ్యాపార సంస్థలకు ఈ చిక్కు ఎదురైంది. బట్టలమ్మే మింత్ర సంస్థ 2015 మే నెలలో వెబ్‌సైటును మూసి, యాప్ ఉన్నవారికే అమ్ముతామన్నది. 2016లో మళ్లీ వెబ్‌సైటు తెరిచింది. ఫోనులో వెబ్ పేజీని ఆపి యాప్‌నే నమ్ముకొన్న ఫ్లిప్‌కార్ట్ 2015 నవంబరులో ఫ్లిప్‌కార్ట్ లైట్ పేరుతో వెబ్ యాప్ విడుదల చేసింది. ఫోనులో చోటు చాలనివారిని, నెట్టు మందంగా ఉన్నవారిని యాప్ దించుకోమంటే వారు దించుకోకుండా ఊరకుండిపోతారు. అంత డబ్బున్నవారికే తప్పని సంగతి మన సంఘాలకు తప్పుతుందా?

ఇక మన లెక్కకు వద్దాము. ఉదాహరణకు పుంగనూరు వైపు 140 మంది సభ్యులున్న ఒక సంఘాన్ని అనుకుందాము. అందులో 90 ఇళ్లలో స్మార్టు ఫోను ఉన్నది, మిగిలిన 50 ఇళ్లలో మీటల ఫోనే. ఈ 50 ఇళ్లకు ఏ యాపూ పనికిరాదు. వారికి ముద్రించిన స్లిప్పు, పాసు పుస్తకం కొనసాగవలసిందే. యాప్ వచ్చింది కదా అని స్లిప్పు మిషను మూలకు పెట్టరాదు. మిగిలిన 90 మంది అడిగేది ఏమిటి? పూటపూటకు లీటర్లు, ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, దాణా కింద పట్టిన సొమ్ము, బ్యాంకులో వేసిన తేదీ. వీటిలో సభ్యుడు రాసేది ఏదీ లేదు, అంతా చదివేదే. 15 రోజులకు రెండు పూటల చొప్పున 30 వరుసలు. అక్షరాలు, అంకెలు మాత్రమే కాబట్టి ఒక్క ఫోటోకు పట్టే చోటు కూడ దీనికి పట్టదు. చదువుకొనే పనికి వెబ్ యాప్ చాలును. ఇందులో మాకు సందేహం లేదు.

సందేహం ఉన్నది సేకరణ కేంద్రం బల్లమీద. అక్కడ కార్యదర్శి చదవడం కాదు, రాస్తాడు. అందుచేత ఒకే సంఘంలో రెండు రకాల వాడకందారులున్నారని మొదట గుర్తించాలి. ఆ ఒక్క బల్ల అవసరం కోసం 90 మంది చేత స్టోర్ యాప్ దించించడమే మేము తరచు చూస్తున్న పొరపాటు ఆలోచన.

ఆ బల్లమీద ఫోను వేటిని అందుకోవాలో చూడండి. తూకం మిషను, పాలు పరీక్షించే మిల్క్ అనలైజరు. ఇవి చాలావరకు వైరుతో కంప్యూటరుకు కలిపి ఉంటాయి. అలా కలిసి సక్రమంగా నడుస్తుంటే వాటిని కదపవద్దు. కంప్యూటరు నుంచి లెక్క సర్వరుకు వెళ్తుంది, సభ్యులు అక్కడినుంచి చూసుకొంటారు. కుప్పం వైపు ఒక కేంద్రంలో అడిగినట్లు, కంప్యూటరు తీసేసి అనలైజరును నేరుగా ఫోనుకు బ్లూటూత్‌తో కలపాలంటే మాత్రం జాగ్రత్తపడాలి. బ్లూటూత్‌లో రెండు రకాలున్నాయి. కొత్తదైన లో ఎనర్జీ రకాన్ని ఆండ్రాయిడ్ క్రోమ్‌లోని వెబ్ పేజీ అందుకొనగలదు. పాత క్లాసిక్ రకం విషయంలో వెబ్ పేజీని నమ్ముకొనడానికి లేదు. ఐఫోను సఫారీ ఈ రెండింటిలో దేనినీ వెబ్ పేజీకి ఇవ్వదు. అనలైజరుకు తగిలించిన చిన్న బ్లూటూత్ ముక్క ఏ రకమో మిషను అమ్మినవారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. పాత రకమని తేలితే ఆ ఒక్క ఫోనుకు స్టోర్ యాప్ లాంటి సొంత యాప్ అవసరమే. దానిని ఆ ఫోనుకే పరిమితం చేయండి.

మిషనుతో కలపకుండా కార్యదర్శి అంకెలను చేత్తో నింపే ఊర్లూ ఉన్నాయి. అక్కడ సిగ్నల్ పోయినప్పుడు ఏమవుతుందన్నదే ప్రశ్న. నింపిన అంకెలు ఫోనులో నిలిచి, సిగ్నల్ రాగానే పోవాలి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పేజీ మూసి ఉన్నా సిగ్నల్ వచ్చాక పంపే సౌకర్యం ఉన్నది. ఐఫోనులో అది లేదు, మళ్లీ తెరిస్తేనే పోతుంది. ఇంకొక అపాయం కూడ ఉన్నది. ఎవరైనా ఫోనులో చోటు చేయడానికి క్రోమ్‌లో సైట్ డేటా తుడిచేస్తే, పంపని అంకెలు కూడ అందులో పోతాయి. చోటు మరీ తక్కువైతే బ్రౌజరు తనంతట తానే తీసివేయవచ్చు. అలా తీయవద్దని బ్రౌజరును కోరే ఆజ్ఞ ఒకటి ఉన్నది: `navigator.storage.persist()`. అది వాడారా లేదా అని తయారుచేసేవారిని అడగండి. వాడినా అది కోరికే, హామీ కాదు. అందుచేత పంపని అంకెలు ఒక పూట దాటి ఫోనులో నిలవరాదని నియమం పెట్టుకోవాలి. తెరమీద "పంపవలసినవి ఇన్ని" అని పెద్ద అంకెలలో కనబడాలి.

దీనిని పరీక్షించడం సులభం. సంఘంలో ఉన్నవాటిలో అన్నిటికంటె పాత ఫోను తీసుకోండి. ఏరోప్లేన్ మోడ్ వేయండి. ముగ్గురు సభ్యుల పాలు రాయండి. అందులో ఒకరిది ఆవుపాలు ఒకసారి, బరెపాలు ఒకసారి, రెండుగా రాయండి. అంటే మొత్తం 4 వరుసలు. యాప్ మూసి, ఫోను ఆపి, మళ్లీ వేసి తెరవండి. 4 కనబడాలి. ఇప్పుడు ఏరోప్లేన్ మోడ్ తీసి, పంపుతుండగా ఒకసారి నెట్టు ఆపి, మళ్లీ వేయండి. ఆఫీసు లెక్కలో సరిగ్గా 4 ఉండాలి. 5 ఉన్నాయంటే ఒకటి రెండుసార్లు జమ అయిందన్నమాట. 3 ఉన్నాయంటే ఆవు, బరె లెక్కలలో ఒకటి రెండవదాన్ని తుడిచేసిందన్నమాట. సభ్యుని నంబరు, తేదీ, పూట మాత్రమే గుర్తుగా పెట్టుకొన్న ప్రోగ్రాములలో ఈ రెండవ తప్పు వస్తుంది. ప్రతి పోతకు ఫోనే ఒక విడి నంబరు వేస్తే రెండు తప్పులూ రావు. ఈ తప్పులు స్టోర్ యాప్‌లోనూ రావచ్చు. కాబట్టి పరీక్షలో ఓడితే వెంటనే "వెబ్ యాప్ పనికిరాదు" అనకుండా, తప్పు ఎక్కడిదో మొదట అడగండి.

వెబ్ యాప్‌కు ప్రత్యేకమైన తగాదా ఒకటి మాత్రం ఉన్నది. అది పాత నకలు. రేటు చార్టు 1వ తేదీన మారిందనుకోండి. నిన్నటి వరకు 36.40 రూపాయలున్న లీటరు నేడు 37.10 అయింది. సిగ్నల్ లేని ఇంటిలో సర్వీస్ వర్కర్ పాత చార్టునే చూపుతుంది. 6.2 లీటర్లు పోసిన అమ్మకు ఫోనులో ఒక మొత్తం, స్లిప్పులో 4.34 రూపాయలు తేడాతో ఇంకొక మొత్తం కనబడుతుంది. రేటు పెరిగినప్పుడు నవ్వి ఊరుకొంటారు. తగ్గినప్పుడు "ఏం సెక్రటరీ, ఫోన్లో ఒకటి, చీటీలో ఒకటా?" అని బల్ల దగ్గరే నిలదీస్తారు. తప్పెవరిదీ కాకపోయినా పోయేది సంఘం మీద నమ్మకం. దీనికి మందు రెండు విధాలు. ప్రతి తెర పైన "ఈ లెక్క ఫలానా తేదీ, ఫలానా గంటకు తెచ్చినది" అని ఉండాలి. ఫోను రేటును తానుగా గుణించరాదు. స్లిప్పులో పడిన రేటు, మొత్తమే ఫోనుకూ రావాలి.

ఇక స్టోర్ యాప్ ఖర్చు. గూగుల్ ప్లే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు. ఇది చిన్నది. పెద్దది తరువాత వస్తుంది. ఆండ్రాయిడ్ కొత్త మెట్టుకు తగినట్లు యాప్‌ను ఏటేటా సవరించాలని గూగుల్ నిబంధన. సవరించకపోతే కొత్త ఫోన్లు కొన్నవారికి స్టోరులో ఆ యాప్ కనబడదు. అంటే తయారుచేసినవారికి ఏటా పని ఉంటుంది, సంఘానికి ఏటా బిల్లు ఉంటుంది. 2023 నవంబరు 13 తరువాత వ్యక్తి పేరుమీద తెరిచిన ఖాతాలకు ఇంకొక షరతు: 12 మంది 14 రోజులు వరుసగా పరీక్షించాకే విడుదలకు దరఖాస్తు చేయాలి. సంస్థ పేరుమీద అయితే డి.యు.ఎన్.ఎస్. నంబరు తీసుకోవాలి. కార్యదర్శి కుమారుని పేరుమీద ఖాతా తెరిచి "పని జరిగింది" అనుకోవద్దు. రేపు ఆ అబ్బాయి ఉద్యోగానికి వెళితే ఖాతా కూడ వెళుతుంది.

బిల్లు పడగానే ఫోను మోగాలని కోరేవారున్నారు. ఆండ్రాయిడ్‌లో వెబ్ యాప్ కూడ ఆ కబురు పంపగలదు. ఐఫోనులో 2023 మార్చిలో వచ్చిన 16.4 నుంచి, తెరమీద బొమ్మ పెట్టుకొన్నవారికి మాత్రమే వస్తుంది. అయితే ఏ యాప్ కబురు కూడ తప్పక చేరుతుందనే హామీ లేదు. డబ్బు పడిన సంగతికి బ్యాంకు ఎస్.ఎమ్.ఎస్.ను మించినది లేదు.

వెబ్ యాప్‌తో మొదలుపెట్టినవారు తరువాత స్టోరుకు వెళ్లాలన్నా మొదటి ఖర్చు వృథా కాదు. అదే వెబ్ యాప్‌ను పెట్టెలో పెట్టి ప్లే స్టోరులో ఉంచే పద్ధతి 2019 నుంచి ఉన్నది. బబుల్‌రాప్ అనే పరికరం ఆ పెట్టెను తయారుచేస్తుంది. యాప్, వెబ్ చిరునామా ఒకరివేనని రుజువుగా ఆ చిరునామా కింద `assetlinks.json` అనే ఫైలు పెట్టాలి. అది సరిపోలకపోతే యాప్ పైభాగాన బ్రౌజరు చిరునామా పట్టీ కనబడుతుంది. తప్పు జరిగిందనడానికి అదే గుర్తు. పెట్టెలో పెట్టినంత మాత్రాన పాత బ్లూటూత్ అందుబాటులోకి రాదని కూడ గమనించవలెను.

అందుచేత తీర్మానంలో చిరునామా ఎవరి పేరుమీద ఉండాలో మొదట రాయండి. అది సంఘం పేరుమీదనో సమాఖ్య పేరుమీదనో ఉండాలి, తయారుచేసినవారి పేరుమీద ఉండరాదు. పునరుద్ధరణ తేదీని ఆడిట్ తేదీ పక్కనే రిజిష్టరులో ఎక్కించండి. పరీక్షకు ఒక పూర్తి బిల్లు కాలం, అంటే 15 రోజులు, 10 ఇళ్లను ఎంచుకోండి. వాటిలో కనీసం 3 సిగ్నల్ అందని మిట్టలోవి, 2 పాత ఫోన్లున్నవి కావాలి. బిల్లు రోజున స్లిప్పులూ ఫోన్లూ పక్కపక్కన పెట్టి 10 మొత్తాలూ సరిపోల్చి, ఫలితాన్ని మినిట్సులో రాసిన తరువాతనే మిగిలిన ఖర్చు మంజూరు చేయండి.