ఐదు నిమిషాల్లో ఒక కేసు

బోధనాసుపత్రుల్లో ఉదయం వార్డు రౌండ్లకు ముందు ఒక చిన్న సమావేశం జరుగుతుంది. ఈమధ్య చేరిన రోగుల్లో ఒకరి గురించి పీజీ డాక్టరు లేచి చెబుతారు. ప్రొఫెసర్లు, హౌస్ సర్జన్లు వింటూనే జబ్బేమిటో మనసులో అంచనా కడుతుంటారు. కేసు షీటు పది పేజీలుంటుంది, చెప్పడానికి దొరికేది ఐదు నిమిషాలే. ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఏది ముందు చెప్పాలి అన్నదే అక్కడి అసలు పని.

ఉదాహరణకు ఒక కేసు ఊహించుకుందాం. 42 ఏళ్ల వ్యవసాయ కూలీ. 8 రోజులుగా జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. ఊళ్లో 3 రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు చేయించుకున్నా తగ్గలేదు. కేసు షీటులో ఇంకా చాలా ఉంటుంది: చిన్నప్పటి జబ్బులు, ఆహారపు అలవాట్లు, రెండు పేజీల రక్తపరీక్షలు. వీటిలో ఏది ఉంచాలో తేల్చే ప్రశ్న ఒక్కటే: ఈ మాట వింటే వినేవారి అంచనా మారుతుందా? మారకపోతే తీసేయవచ్చు.

మొదటి అర నిమిషం ఒకే వాక్యానికి. వయసు, ఆడా మగా, వృత్తి, ప్రధాన బాధ, ఎన్ని రోజులుగా. పేరు, ఊరు, ఆసుపత్రి నంబరు చెప్పరు. ‘8 రోజులు’ అన్న మాటకు ఇక్కడ చాలా బరువుంది. డెంగీ జ్వరం సాధారణంగా వారం లోపే తగ్గుతుంది. ఎనిమిదో రోజున కూడా జ్వరం తీవ్రంగా ఉందంటే వినేవారి ఆలోచన వేరే దారి పడుతుంది. అందుకే ‘సోమవారం మొదలైంది, గురువారం పెరిగింది’ అనకూడదు. ఎన్నో రోజున ఏం జరిగిందో చెప్పాలి.

తర్వాతి నిమిషంన్నర జబ్బు చరిత్రకు. ఇక్కడ ‘లేదు’ అనే మాటలు కూడా సాక్ష్యాలే, అయితే అన్నీ కాదు. మూత్రంలో మంట లేదు, చిగుళ్ల నుంచి రక్తం రాలేదు, మెడ పట్టేయలేదు. ఈ మూడూ మూడు జబ్బుల అవకాశాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఉంచాలి. ఇంజెక్షన్లకు జ్వరం లొంగకపోవడం కూడా ఇక్కడే చెప్పాలి.

మూడో భాగం డాక్టరు చూసి తెలుసుకున్నది, ఒక నిమిషం. ముందు జ్వరం 102 డిగ్రీలు, నాడి, బీపీ, శ్వాస. ఆ తర్వాత అసలు ఆధారం: రొమ్ము కింది ముడతలో సెంటీమీటరు వెడల్పున నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, నొప్పి లేదు, దురద లేదు. అదే వైపు చంకలో బిళ్ల కట్టింది. దీన్ని ‘ఎస్కార్’ అని పేరు పెట్టి చెబితే ఊహించాల్సినదేమీ మిగలదు. కనిపించింది కనిపించినట్టు వర్ణిస్తే, గుర్తుపట్టే పని వినేవారు చేస్తారు. నొప్పి లేని ఈ పుండు సంగతి చాలాసార్లు రోగికే తెలియదు. బట్టల మాటున వెతికితేనే దొరుకుతుందన్న పాఠం కూడా ఆ వర్ణనతోనే అందుతుంది.

నాలుగో నిమిషం పరీక్షలకు. ల్యాబ్ కాగితం మీది వరుసలో చదవకూడదు. ప్లేట్‌లెట్లు 62,000, కాలేయ ఎంజైములు మూడు రెట్లు, మలేరియా, డెంగీ పరీక్షలు నెగెటివ్, మిగతావి మామూలే. అంతటితో ఆపాలి. స్క్రబ్ టైఫస్ ఐజీఎం పాజిటివ్ అన్న ఫలితం చేతిలో ఉన్నా, సభ తన అంచనా చెప్పేదాకా బయటపెట్టకూడదు.

చివరి నిమిషం సారాంశానికి: ‘8 రోజుల జ్వరం, నల్లటి పెచ్చు, తగ్గిన ప్లేట్‌లెట్లు, దెబ్బతిన్న కాలేయం, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగలేదు.’ చర్చ అయ్యాక ఫలితం చెప్పి, చికిత్సకు వెళ్లాలి. ఇది చిన్న నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే జబ్బు. దీనికి కారణమైన క్రిమి మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. ఆ మందుతో సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది.

ఇదంతా అరచేతిలో పట్టే కార్డు మీద ఇలా ఉంటుంది:

- 42, స్త్రీ, కూలీ, జ్వరం 8 రో.
- ఇంజెక్షన్ 3 రో., తగ్గలేదు
- మూత్రం, రక్తం, మెడ: లేవు
- 102, పెచ్చు, చంక బిళ్ల
- ప్లే. 62 వేలు, కాలేయం 3 రెట్లు, మలేరియా, డెంగీ నెగెటివ్
- సారాంశం, ఆపు

పూర్తి వాక్యాలు రాసుకుంటే తలవంచి చదివేస్తారు, అందుకే ముక్కలుగానే రాసుకోవాలి. అంకెలు మాత్రం తప్పనిసరి, ఒత్తిడిలో మొదట మరిచిపోయేవి అవే.

ఈ వరుస బోధన కోసమే. డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించే డాక్టరు జబ్బు పేరు, పొంచి ఉన్న ప్రమాదం ముందే చెప్పేయాలి. అక్కడ దాచి ఉంచితే రోగికి నష్టం.

చెప్పిన తీరు కుదిరిందో లేదో మొదటి ప్రశ్నే తేలుస్తుంది. ‘జ్వరం ఎన్నో రోజు?’ అని అడిగితే మొదటి వాక్యం తప్పిపోయిందని అర్థం. ‘ఆ పెచ్చు ఇంకెక్కడెక్కడ వెతకాలి?’ అని అడిగితే కేసు సభకు అందినట్టే.