కార్యాలయం మరమ్మతులకు మూసినప్పుడు నోటీసు ఎలా రాయాలి

మరమ్మతుల కోసం కొన్నాళ్లు మూసే ప్రభుత్వ కార్యాలయం తలుపు మీద తరచూ ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘మరమ్మతుల కారణంగా తదుపరి ఉత్తర్వుల వరకు కార్యాలయం మూసివేయబడినది’. ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చినవారికి ఈ మాటతో తెలిసేది తలుపు మూసి ఉందని మాత్రమే. అది వాళ్లకు కనిపిస్తూనే ఉంది. పని ఎక్కడ జరుగుతుంది, ఏ రోజు రావాలి, గడువు దగ్గరపడితే ఏం చేయాలి అన్నవే వాళ్ల ప్రశ్నలు. ఒక పట్టణంలోని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఈ ప్రశ్నలకు నోటీసులో జవాబులు ఎలా చేర్చాలో అర్థమవుతుంది.

రాయడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. కార్యాలయం నిజంగా మూతపడుతోందా, లేక చోటు మాత్రమే మారుతోందా? పై కప్పు మరమ్మతుకు మూడు నెలలు పట్టినా, రిజిస్ట్రేషన్లు మూడు నెలలు ఆగవు. దగ్గర్లో మరో భవనంలో సాగుతాయి. పని పూర్తిగా ఆగేది కంప్యూటర్లు, కెమెరా, వేలిముద్రల యంత్రం, రికార్డులు తరలించే ఒకటి రెండు రోజులే. అందుకని ఆ రెండు రోజుల మూసివేతను, మూడు నెలల తాత్కాలిక చిరునామాను నోటీసులో వేర్వేరుగా చెప్పాలి. రెండూ కలిపి ‘మూసివేత’ అని రాస్తే, మూడు నెలలూ పనే జరగదనుకొని జనం వెనక్కి వెళ్లిపోతారు.

ఈ తేడాకు చట్టపరమైన కారణం కూడా ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, వీలునామా వంటి కొన్నింటిని మినహాయిస్తే, దస్తావేజును సంతకాలైన రోజు నుంచి నాలుగు నెలల లోపు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయాలి. ఆ గడువు దాటితే అత్యవసర పరిస్థితి, తప్పించలేని ప్రమాదం వంటి కారణం చూపాలి. జిల్లా రిజిస్ట్రార్ ఒప్పుకుంటే మరో నాలుగు నెలల వరకు వెసులుబాటు దొరుకుతుంది. అందుకు రిజిస్ట్రేషన్ రుసుముకు పదిరెట్ల వరకు జరిమానా పడవచ్చు.

గడువు చివరి రోజునే కార్యాలయం మూసి ఉంటే, 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 10వ సెక్షన్ ఆదుకుంటుంది. తిరిగి తెరిచిన మొదటి రోజున దాఖలు చేసినా గడువులోపు చేసినట్టే లెక్క. ఉదాహరణకు 2026 ఫిబ్రవరి 6న సంతకాలైన దస్తావేజుకు జూన్ 6తో గడువు తీరుతుంది. తరలింపు కోసం జూన్ 5, 6 తేదీల్లో కార్యాలయం మూసి ఉండి, 7న ఆదివారం వచ్చిందనుకుందాం. అప్పుడు 8వ తేదీ సోమవారం దాఖలు చేయవచ్చు. అదే జూన్ 9న గడువు తీరే దస్తావేజుకు ఈ సాయం లేదు, ఎందుకంటే ఆ రోజు తాత్కాలిక భవనంలో కార్యాలయం తెరిచే ఉంది. పాత తలుపుకు తాళం చూసి గడువు పొడిగించారనుకుంటే నష్టపోయేది ఆ దస్తావేజు తాలూకు మనిషే. కాబట్టి మూసి ఉండే రోజులు ఏవో తేదీ, వారంతో సహా నోటీసులో ఉండాలి.

తేదీలు రాసేటప్పుడు ‘వరకు’ అన్న మాటతో జాగ్రత్తగా ఉండాలి. ‘6వ తేదీ వరకు మూసి ఉంటుంది’ అంటే ఆరో తేదీన తెరుస్తారని కొందరు, ఏడున తెరుస్తారని కొందరు అనుకుంటారు. మూసి ఉండే రోజులనూ, తెరిచే రోజునూ విడివిడిగా చెబితే ఆ తికమక ఉండదు. మరమ్మతులు ముగిసే తేదీ మాత్రం కార్యాలయం చేతిలో ఉండదు. దాన్ని ‘అంచనా’ అనే రాయాలి. తిరిగి పాత భవనానికి వెళ్లే తేదీని ఎప్పుడు, ఎక్కడ ప్రకటిస్తారో మాత్రం ఖాయంగా చెప్పాలి.

తాత్కాలిక కార్యాలయం తెరిచే తేదీ ఖాయం చేసుకునే ముందు అక్కడ నెట్‌వర్క్ కనెక్షన్ పెట్టి, ఒకసారి పరీక్షించి చూసుకోవాలి. గది, బల్లలు సిద్ధంగా ఉన్నా కనెక్షన్ లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. ప్రకటించిన రోజున వచ్చినవాళ్లు రెండోసారి తిరిగి వెళ్లాల్సి వస్తుంది.

చిరునామాతో పాటు ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు ఒకటి, పాత భవనం నుంచి దూరం, ఏ అంతస్తో కూడా రాయాలి. పై అంతస్తయితే మెట్లెక్కలేని వృద్ధుల కోసం కింద ఏ ఏర్పాటు ఉందో చెప్పాలి. ముందే స్లాట్ తీసుకున్నవారి సంగతి ప్రత్యేకంగా ఉండాలి. మూసివేత రోజుల స్లాట్లు రద్దయ్యాయా, మరో రోజుకు మారాయా, మారితే మళ్లీ రుసుము కట్టాలా అన్నది తేల్చిచెప్పాలి. ఈసీ కోసం వచ్చేవాళ్లు కార్యాలయానికే రానక్కర్లేదు. మీసేవలో తీసుకోవచ్చని ఒక్క వాక్యం రాస్తే తాత్కాలిక భవనం ముందు వరస తగ్గుతుంది.

ఫోన్ నంబరు దగ్గర తరచూ జరిగే పొరపాటు, పాత భవనంలోని ల్యాండ్‌లైన్ నంబరే ఇవ్వడం. పనులు జరిగే ఖాళీ గదిలో అది మోగుతూనే ఉంటుంది. ఆ నంబరుకు వచ్చే కాల్స్‌ను తాత్కాలిక కార్యాలయానికి మళ్లించాలి, లేదా కార్యాలయం పేరిట మరో నంబరు ఇవ్వాలి. ఒక ఉద్యోగి సొంత నంబరు ఇస్తే, ఆయన సెలవు పెట్టినా బదిలీ అయినా ఫోనెత్తేవారు ఉండరు. పేరుకు బదులు హోదా, ఫోనెత్తే వేళలు రాయడం మేలు. అక్కడ పని కాకపోతే ఎవరిని అడగాలో తెలిసేలా జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం నంబరు కూడా చేర్చాలి.

ఇవన్నీ కూర్చితే నోటీసు ఇలా ఉంటుంది. చుక్కలున్నచోట ఆయా కార్యాలయాల వివరాలు నింపుకోవాలి.

సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం తాత్కాలికంగా మారుతోంది

తేదీ: 20 మే 2026

జూన్ 5 (శుక్రవారం), 6 (శనివారం): తరలింపు కారణంగా కార్యాలయం పనిచేయదు. 7 ఆదివారం సెలవు.

జూన్ 8 (సోమవారం) నుంచి: పాత మండల పరిషత్ భవనం, కింది అంతస్తు, బస్టాండ్ ఎదురు వీధిలో పనిచేస్తుంది. ఇప్పటి భవనం నుంచి అర కిలోమీటరు. పనివేళల్లో మార్పు లేదు.

జూన్ 5 స్లాట్లు 8వ తేదీకి, జూన్ 6 స్లాట్లు 9వ తేదీకి అదే వేళకు మారాయి. మళ్లీ రుసుము కట్టనక్కర్లేదు.

జూన్ 5, 6, 7 తేదీల్లో గడువు తీరే దస్తావేజులను 8న తీసుకుంటారు. మిగతా గడువుల్లో మార్పు లేదు.

ఈసీలు మీసేవలో ఎప్పటిలాగే దొరుకుతాయి.

మరమ్మతులు ఆగస్టు 31 నాటికి ముగుస్తాయని అంచనా. పాత భవనంలో తిరిగి తెరిచే తేదీని వారం ముందు రెండు భవనాల దగ్గరా ప్రకటిస్తారు.

వివరాలకు: సీనియర్ అసిస్టెంట్, ఫోన్ ………, పనిరోజుల్లో ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5 దాకా. పని కాకపోతే: జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం, ఫోన్ ………

సంతకం, హోదా, కార్యాలయ ముద్ర

ఇందులో ‘ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా’ వంటి పాత ఎత్తుగడ లేదు. శీర్షికే అసలు సంగతి చెబుతుంది. నిలబడి చదివే మనిషి మొదటి మూడు వరసల్లోనే తేదీ, చోటు తెలుసుకుంటాడు. చిరునామాను కొంచెం దూరం నుంచైనా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయాలి.

నోటీసును పగలగొట్టబోయే గోడకు అంటించకూడదు. పనులు మొదలయ్యాక కూడా ఉండే గేటుకు, వాన పడినా తడవకుండా ప్లాస్టిక్ తొడుగులో పెట్టి కట్టాలి. పాత భవనం దగ్గర ఆఖరి రోజు దాకా అది ఉండాలి. మీసేవ కేంద్రాలకు, గ్రామ పంచాయతీలకు, ముఖ్యంగా కార్యాలయం చుట్టుపక్కల కూర్చునే దస్తావేజు లేఖరులకు రెండు వారాల ముందే ప్రతులు అందాలి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చాలామంది కార్యాలయం కంటే ముందు కలిసేది వాళ్లనే. అంచనా తేదీ దాటితే పాత కాగితం మీద దిద్దకుండా, కొత్త తేదీతో కొత్త నోటీసు కట్టి పాతది తీసేయాలి. రెండూ పక్కపక్కన ఉంటే ఏది నమ్మాలో చదివేవారికి తెలియదు.