లోపాలు తవ్విన డైరెక్టర్‌కి థ్యాంక్యూ మెయిల్

మొదటి ఇంటర్వ్యూలో పని వచ్చా రాదా అని చూస్తారు. రెండోసారి పిలిచి ఏ సీనియర్ డైరెక్టర్ ముందో, వైస్ ప్రెసిడెంట్ ముందో కూర్చోబెట్టారంటే ఆ సంగతి దాదాపు తేలిపోయినట్టే. ఈ పెద్దాయన చూసేది వేరు. ఈ మనిషిని తీసుకుంటే రేపు ఎక్కడ ఇబ్బంది పడతాం అన్నది ఆయన లెక్క. అందుకే ప్రశ్నలు మీ లోపాల చుట్టూనే తిరుగుతాయి. ఇంత పెద్ద టీమ్‌ని ఎప్పుడూ నడపలేదు కదా? పోయినేడు అప్రైజల్‌లో మీ మేనేజర్ దేన్ని తప్పు పట్టారు? ముప్పావు గంట ఇలా నడిచాక, లోపాలన్నీ తవ్వి తీసిన ఆ మనిషికే ధన్యవాదాలు రాయాలి.

ఇంటర్వ్యూ అయ్యాక నాలుగు ముక్కలు రాసి పంపడం మొదట్నుంచీ మన దగ్గరున్న ఆచారం కాదు. అమెరికా కంపెనీల్లో మామూలు. అక్కడ ఉద్యోగాలు వెతుక్కునే మనవాళ్లకీ, హైదరాబాద్‌లో ఆ కంపెనీలు పెట్టిన కేంద్రాలకి దరఖాస్తు చేసుకునేవాళ్లకీ అలా అలవాటైంది. మామూలు ఇంటర్వ్యూ తర్వాత అది మర్యాద మాత్రమే. లోపాల మీద గట్టిగా నిలదీసిన ఇంటర్వ్యూ తర్వాత మాత్రం దానికి ఒక పని ఉంటుంది.

మీరు లేచి వెళ్లాక అవతల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ పనేమిటో అర్థమవుతుంది. చాలా కంపెనీల్లో ఆయన తన అభిప్రాయాన్ని ఒక ఫారంలో నింపుతారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటర్వ్యూ చేసినవాళ్లంతా కూర్చుని తేల్చుకుంటారు. ఆయన నోట్సులో మీ గురించి ఒక సందేహం ఇప్పటికే రాసి ఉంటుంది. మీ మెయిల్ దాన్ని చెరపలేదు. దాని పక్కన ఒక్క వాక్యం చేర్చగలదు, అంతే. ఆ ఒక్క వాక్యం ఏదై ఉండాలన్నదే మెయిల్ రాసేవాళ్లు తేల్చుకోవలసింది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్న అమ్మాయి. ఒక అమెరికా బీమా కంపెనీ హైదరాబాద్ కేంద్రంలో టెస్ట్ మేనేజర్ ఉద్యోగానికి వెళ్లింది. రెండో ఇంటర్వ్యూ డాలస్‌లో ఉన్న సీనియర్ డైరెక్టర్‌తో, జూన్ నెలలో, మన టైము రాత్రి ఎనిమిదికి, వీడియో కాల్‌లో. ఆయన మూడు చోట్ల పట్టుకున్నారు. ఇప్పటిదాకా నలుగురికి మించిన టీమ్ లేదు, ఇక్కడ 14 మంది ఉంటారు. వరసగా రెండు కంపెనీలు ఏడాది తిరక్కుండానే ఎందుకు మారారు? మీ అసలు లోపం ఏమిటి?

మూడోదానికి ఆమె, నాకు పర్‌ఫెక్షన్ పిచ్చి ఎక్కువండీ అంది. ఆయన నవ్వి, అది లోపం కాదు, అసలుది చెప్పండి అన్నారు. అప్పుడు నిజం బయటికొచ్చింది: జూనియర్లు చేసిన పని నచ్చకపోతే వాళ్లకి చెప్పడం మానేసి రాత్రి కూర్చుని తనే మళ్లీ చేసేస్తుంది. కాల్ ముగిసే ముందు ఆయన మళ్లీ అక్కడికే వచ్చారు. "14 మంది పని కూడా మీరే చేసేస్తారా?" ఆమె తడబడింది.

కాల్ అయిన వెంటనే, మెయిల్ సంగతి తలచుకోకముందే, ఆయన అడిగిన ప్రశ్నల్ని ఆయన మాటల్లోనే కాగితం మీద పెట్టుకోవాలి. గంట గడిస్తే మనకు గుర్తుండేది మన తడబాటు మాత్రమే. రాసుకున్నాక ఒకటే చూడాలి: ఆయన ఏ ప్రశ్నకి రెండోసారి వచ్చారు? ఒకసారి అడిగి, జవాబు విని ముందుకెళ్లిన ప్రశ్న మామూలు వాకబు కావచ్చు. తిరిగి వచ్చిన ప్రశ్నే ఆయన్ను పీకుతున్న సందేహం. ఈ అమ్మాయి విషయంలో కంపెనీలు మారడం గురించి ఒక్కసారే అడిగారు, చెప్పింది, అయిపోయింది. మెయిల్‌లో దాన్ని మళ్లీ ఎత్తకూడదు. నోటితో చెప్పినప్పుడు వివరణలా వినిపించినది రాతలో సాకులా కనిపిస్తుంది. ఎంత మంచి కారణమైనా సరే.

రాత్రి తొమ్మిదింటికి చాలామంది చేతికొచ్చే మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: ఇవాళ కాస్త కంగారు పడ్డాను, నిజానికి నాకు పని అప్పగించడం బాగానే వచ్చు, ఆ అప్రైజల్ రాసిన మేనేజర్‌తో నాకు మొదట్నుంచీ కుదరలేదు, అవకాశమిస్తే నిరూపించుకుంటాను. ఇందులో ప్రతి ముక్కా ఎదురు తిరిగేదే. కాసేపటి క్రితం ఒప్పుకున్న లోపాన్ని ఇప్పుడు కాదనడం వల్ల ఏది నిజమో ఆయనకి తెలియకుండా పోతుంది. పాత మేనేజర్ మీద నెపం వేస్తే రేపు తన మీదా ఇలాగే వేస్తుందని అనుకుంటారు. నిరూపించుకుంటానన్న మాటకి ఆధారం లేదు. ఈ చిత్తుప్రతి రాసుకోవడం మంచిదే, మనసు తేలికపడుతుంది. పంపకూడదు, అంతే.

పంపదగ్గది ఇంగ్లీషులోనే వెళ్తుంది కాబట్టి విషయం మాత్రం తెలుగులో చెబుతాను.

"ఇవాళ సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. క్లెయిముల వ్యవస్థను క్లౌడ్‌లోకి మారుస్తున్న సమయంలోనే టెస్టింగ్ టీమ్‌ను పెంచాల్సి రావడం అసలు కష్టమని మీరు చెప్పాక ఈ ఉద్యోగం ఏమిటో నాకు స్పష్టంగా తెలిసింది.

జూనియర్ల పని నేనే మళ్లీ చేయడం గురించి మీరు రెండుసార్లు అడిగారు. నా జవాబు అసంపూర్తిగా ఉండిపోయింది. ఆ అలవాటు నిజం. ఈ జనవరి నుంచి రెగ్రెషన్ టెస్టులు ఇద్దరికి పూర్తిగా అప్పగించాను. పదింటిలో ఒకటి మాత్రం చూస్తాను, తప్పుంటే నేను దిద్దకుండా వాళ్లకే తిప్పి పంపుతాను. మూడు రిలీజులు అలా వెళ్లాయి. మొదటిదాంట్లో ఒక బగ్ తప్పించుకుంది, తర్వాతి రెండింటిలో లేదు. 14 మందితో ఇది ఇంకా చేసి చూడలేదు.

మీతో మాట్లాడాక ఈ పని మీద ఆసక్తి ఇంకా పెరిగింది. మరే వివరం కావాలన్నా పంపగలను."

ఇంతే. ఇంగ్లీషులో 120, 150 మాటల్లో అయిపోతుంది, ఫోన్‌లో తెరిస్తే దాదాపు ఒక్క చూపులో పడుతుంది. తప్పించుకున్న ఆ ఒక్క బగ్ సంగతి తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఉంచడమే మేలు. పని అప్పగిస్తే మొదట్లో ఏదో ఒకటి జారుతుందని ఎన్నో టీమ్‌లు చూసిన డైరెక్టర్‌కి తెలుసు. అసలేమీ జారలేదంటే నమ్మరు, లేదా ఈమె ఇంకా చాటుగా అన్నీ చూస్తూనే ఉందనుకుంటారు. 14 మందితో చేసి చూడలేదన్న వాక్యమూ అంతే. ఆయనకి తెలియని సంగతేం కాదది. తనకి ఎంతవరకు అనుభవం ఉందో ఆమెకీ తెలుసని అది చెబుతుంది.

ఇదంతా జనవరిలో నిజంగా జరిగి ఉంటేనే. జరగకపోతే రాయకూడదు. ఆఫర్ ఇచ్చే ముందు పాత మేనేజర్‌కి ఫోన్ చేసే కంపెనీలున్నాయి. టెస్టులు అప్పగించారటగా అని వాళ్లు అడిగినప్పుడు అవతలి మనిషి ఒక్క క్షణం ఆగితే చాలు, ఉద్యోగం చేయి దాటిపోతుంది. చెప్పడానికి గతంలో ఏమీ లేనప్పుడు, ఈ ఉద్యోగం వస్తే మొదటి నెలలో ఏ ఒక్క పని ఎవరికి ఎలా అప్పగిస్తారో రెండు వాక్యాల్లో రాయండి. దాన్ని ఆలోచనగానే చెప్పండి. ఆ లోపాన్ని దాటేశాను అని మాత్రం రాయొద్దు. ఒక్క సాయంత్రంలో ఎవరూ ఏదీ దాటరు. ఇక మాటకి ఆధారంగా ఇప్పటి కంపెనీ టెస్ట్ రిపోర్టు జత చేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తమ కాగితాలూ రేపు ఇలాగే బయటికి పోతాయని వాళ్లకి వెంటనే తడుతుంది.

ఎప్పుడు పంపాలి? కూర్చుని తేల్చుకునే మీటింగ్ కంటే ముందు. జూన్‌లో మనకి రాత్రి పదిన్నర అంటే డాలస్‌లో మధ్యాహ్నం 12 గంటలు, కాబట్టి ఆ రాత్రే పంపినా వింతగా ఉండదు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పంపితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, ఉదయానికి పది మెయిళ్ల కిందకి వెళ్లిపోతుంది. డైరెక్టర్ హైదరాబాద్‌లోనే ఉంటే మర్నాడు ఆఫీసు వేళకి పంపడం బాగుంటుంది. ఆయన మెయిల్ అడ్రస్ మీకు ఇవ్వకపోతే ఊహించి పంపకండి. మీతో మాట్లాడుతున్న హెచ్‌ఆర్ మనిషికి పంపి, ఆయనకి చేర్చమని అడగండి. వాట్సాప్ నంబర్ దొరికినా వాడకండి.

ఆ డైరెక్టర్ తెలుగాయనే అయితే ఇంకో చిక్కు. కాల్ చివర్లో మీదే ఊరమ్మా అని అడిగి ఉంటారు, మాట కలిసి ఉంటుంది. మెయిల్‌లో ఊరి ప్రస్తావన, తెలుగు పలకరింపు వద్దు. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు మరో ముగ్గురికి పంపవచ్చు, వాళ్లలో మన భాష రానివాళ్లూ ఉంటారు. సంబోధన కాల్‌లో ఎలా పిలిచారో అలాగే ఉంచండి. డాలస్ ఆయన్ని పేరుతో పిలిచి, మెయిల్‌లో రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెడితే ఆయనకే ఇబ్బంది.

ఈ మెయిల్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. అమెజాన్‌లో ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎవరికి వారు అభిప్రాయం రాసిపెట్టాకే అందరూ కలిసి కూర్చుంటారు. అలాంటి పద్ధతిలో మీ మెయిల్ చేరేసరికి ఆయన రాయాల్సింది రాసేసి ఉండవచ్చు. పంపితే నష్టం లేదు, ఆశ పెట్టుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగాల్లో మాత్రం అసలే వద్దు. ప్రభుత్వ నియామక ప్రకటనల్లో, ఏ రూపంలో కాన్వాసింగ్ చేసినా అనర్హులవుతారన్న షరతు తరచూ ఉంటుంది. బోర్డు సభ్యుడికి కృతజ్ఞతతో రాసిన ఉత్తరాన్ని కూడా దాని కింద లెక్కగట్టే వీలుంది.

పంపాక జవాబు రాకపోవచ్చు. దాన్నిబట్టి ఏమీ తేల్చుకోవద్దు. మాట్లాడటం సంతోషం అని ఒక్క ముక్క వచ్చినా అంతే, అది మర్యాద. ఆయన మరో ప్రశ్న అడిగితే మాత్రం ఆ రోజే, అడిగినంత వరకే జవాబివ్వండి. హెచ్‌ఆర్ చెప్పిన గడువు దాటి రెండు రోజులైనా కబురు లేకపోతే మళ్లీ రాయవచ్చు. ఆ మెయిల్ హెచ్‌ఆర్‌కి రాయండి, డైరెక్టర్‌కి కాదు.