డిసెంబరులో అమ్మకాలు పడిపోలేదు

డేటా అనలిస్ట్ ఉద్యోగానికి పంపే చాలా మెయిళ్లు ఒకే తీరులో ఉంటాయి. ఫలానా టూల్స్ వచ్చు, సేల్స్ డేటా మీద ప్రాజెక్టు చేశాను, గిట్‌హబ్ లింకు, డాష్‌బోర్డు లింకు ఇవిగో, రెజ్యూమె జత చేశాను. చదివినవారికి ప్రాజెక్టు ఒకటి ఉందని తెలుస్తుంది. ఆ డేటాలో ఏం బయటపడిందో మాత్రం తెలియదు. తెలియాలంటే వాళ్లే లింకు తెరిచి, చార్టులన్నీ చూసి, దీని సారాంశం ఇదై ఉంటుందని ఊహించుకోవాలి. అంకెల్ని చూసి విషయాన్ని నాలుగు మాటల్లో చెప్పడమే అనలిస్టు పని. ఆ పనిని మెయిల్ చదివేవారికే వదిలేసిన దరఖాస్తు, అభ్యర్థికి పని వచ్చో రాదో చెప్పలేకపోతుంది.

అందుకే కనుగొన్న విషయం మెయిల్లోనే ఉండాలి. లింకులు దానికి సాక్ష్యాలుగా నిలవాలి. ఒక నిజమైన డేటాను తీసుకుని ఇదెలాగో చూద్దాం.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా వాడే డేటాల్లో ‘ఆన్‌లైన్ రిటైల్’ ఒకటి. యూసీఐ మెషిన్ లెర్నింగ్ రిపాజిటరీలో ఉచితంగా దొరుకుతుంది. బ్రిటన్‌లో గిఫ్టు వస్తువులు అమ్మే ఒక ఆన్‌లైన్ సంస్థ బిల్లులవి. 2010 డిసెంబరు 1 నుంచి 2011 డిసెంబరు 9 వరకు 5,41,909 వరుసలు. ఒక్కో వరుసలో బిల్లు నంబరు, వస్తువు, ఎన్ని కొన్నారు, ఎప్పుడు, ధర, కస్టమర్ నంబరు, దేశం ఉంటాయి. అందరూ వాడిన డేటా కదా, ఇది పెడితే ఏం విలువ అని కొందరు వెనకాడతారు. నా ఉద్దేశంలో అదేమీ లోపం కాదు. ఈ డేటాలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చదివేవారికి ముందే తెలిసి ఉండవచ్చు. అక్కడ మీరు జారలేదని ఒక్క వాక్యంలో చూపగలిగితే, ఎవరూ చూడని డేటా మీద పది చార్టులు గీసినదాని కన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

మొదటి జారుడు చోటు చివరి నెల. నెలవారీ అమ్మకాల గీత గీస్తే 2011 నవంబరులో 14.6 లక్షల పౌండ్ల దాకా ఎగసి, డిసెంబరులో 4.3 లక్షలకు కూలిపోతుంది. చాలా డాష్‌బోర్డుల్లో దీని పక్కన ‘డిసెంబరులో అమ్మకాలు 70 శాతం తగ్గాయి’ అన్న వ్యాఖ్య పెట్టేస్తారు. క్రిస్మస్ నెలలో గిఫ్టుల వ్యాపారం అంతగా పడిపోవడమేమిటన్న అనుమానం అక్కడే రావాలి. ఒక్క వరుస కోడుతో అది తీరుతుంది:

```python
df["InvoiceDate"].max()
# 2011-12-09 12:50:00
```

డేటా డిసెంబరు 9 మధ్యాహ్నంతో ఆగిపోయింది. నెల మొత్తాన్ని కాక రోజు లెక్కను చూస్తే, నవంబరులో రోజుకు సగటున 48 వేల పౌండ్ల పైచిలుకు, డిసెంబరు తొలి తొమ్మిది రోజుల్లోనూ ఇంచుమించు అంతే. అమ్మకాలు పడిపోలేదు, లెక్క రాయడం ఆగిపోయింది.

రెండో చోటు ఇంకొంచెం లోతు. రద్దయిన బిల్లుల నంబరు C అక్షరంతో మొదలవుతుంది, వాటి Quantity మైనస్‌లో ఉంటుంది. మైనస్ అంకెలు చూడగానే తప్పు డేటా అనుకుని తీసిపారేయడం చాలామందికి అలవాటు. అలా తీసేస్తే రద్దు పోతుంది, రద్దయిన ఆర్డరు మాత్రం నిలిచిపోతుంది. 2011 డిసెంబరు 9 ఉదయం 9.15కు ఒక కస్టమర్ PAPER CRAFT , LITTLE BIRDIE అనే వస్తువును 80,995 ఆర్డరు చేశారు. విలువ 1,68,469.60 పౌండ్లు. 9.27కు అది రద్దయింది. పన్నెండు నిమిషాలు మాత్రమే బతికిన ఆ ఆర్డరు, మైనస్ వరుసలు తీసేసినవారి డాష్‌బోర్డులో ‘అత్యధికంగా అమ్ముడైన వస్తువు’గా కూర్చుంటుంది. జనవరి 18న 74,215 సిరామిక్ జాడీల ఆర్డరుదీ ఇదే కథ. అదీ కాసేపటికే రద్దయింది. ఒక సంస్థ ఈ చార్టును నమ్మి ఆ కాగితపు పిట్టల్ని గోదాములో నింపితే ఏమవుతుందో ఆలోచించండి. మైనస్ వరుసల్ని ఉంచి కూడితే రెండూ కొట్టుకుపోయి అసలు లెక్క మిగులుతుంది.

ఇక దరఖాస్తులో చెప్పదగిన మాటేమిటి? డేటా సగంలో ఆగిన ఆఖరి నెలను పక్కన పెట్టి, పూర్తిగా ఉన్న పన్నెండు నెలలు తీసుకుంటే, నికర అమ్మకాల్లో సుమారు 38 శాతం సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లోనే జరిగాయి. అన్ని నెలలూ సమానమైతే మూడు నెలలకు వచ్చేది 25 శాతం. ఈ సంస్థ దగ్గర కొనేవారిలో చాలామంది టోకు వ్యాపారులని డేటా వివరణలోనే ఉంది కాబట్టి, క్రిస్మస్‌కు ముందుగానే దుకాణాలు సరుకు నింపుకున్నాయని అనుకోవచ్చు. అయితే 38 శాతం అన్నది డేటా చెప్పిన మాట, దుకాణాల సంగతి మన ఊహ. రెంటినీ ఒకే గొంతుతో చెప్పకూడదు.

ఇప్పుడు మెయిల్. పంపేటప్పుడు ఇది ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. విషయం తెలియడానికి తెలుగులో రాస్తున్నాను. సబ్జెక్టు లైనులో ఉద్యోగం పేరు, ప్రకటనలో ఇచ్చిన నంబరు, మీ పేరు ఉంటే చాలు. లోపల ఇలా:

“నమస్కారం. మీరు ప్రకటించిన డేటా అనలిస్ట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. నెలవారీ అమ్మకాల నివేదికలు ఇందులో ప్రధాన పని అని ప్రకటనలో చూశాను. దానికి దగ్గరగా ఉండే నా ప్రాజెక్టు ఇది.

బ్రిటన్‌లోని ఒక ఆన్‌లైన్ గిఫ్టుల సంస్థ బిల్లులు 5,41,909 వరుసలు పరిశీలించాను. 2010 డిసెంబరు నుంచి 2011 నవంబరు వరకు నికర అమ్మకాల్లో సుమారు 38 శాతం చివరి మూడు నెలల్లో జరిగాయి. 2011 డిసెంబరులో కనబడే పతనం నిజమైనది కాదు. డేటా 9వ తేదీతో ఆగింది, అప్పటిదాకా రోజువారీ అమ్మకాలు నవంబరు స్థాయిలోనే ఉన్నాయి. రద్దయిన బిల్లుల్ని తొలగించకుండా లెక్కలో ఉంచాను. లేకపోతే రద్దయిన ఒక్క ఆర్డరే 1.68 లక్షల పౌండ్ల అమ్మకంగా కనబడుతుంది.

డాష్‌బోర్డు, లాగిన్ అక్కర్లేదు, పై అంకెలు మొదటి పేజీలోనే ఉన్నాయి: (లింకు)
కోడు, డేటా శుభ్రం చేసిన తీరు README లో ఉంది: (లింకు)

సుమారు నాలుగోవంతు వరుసల్లో కస్టమర్ నంబరు లేదు. అందువల్ల మళ్లీ మళ్లీ కొనేవారి గురించి ఏమీ తేల్చలేదు. పోస్టేజీ వంటి వస్తువులు కాని పద్దులు కూడా మొత్తంలో కలిసి ఉన్నాయి.

రెజ్యూమె జత చేశాను. హైదరాబాద్‌లో ఉంటున్నాను, నోటీసు పీరియడ్ 30 రోజులు.”

ఇంతే. మూడు ప్రాజెక్టులున్నా మెయిల్లో ఒకటే విప్పి చెప్పడం మంచిది. మిగతావి రెజ్యూమెలో ఉంటాయి. లోపాలు చెప్పిన ఆ రెండు వాక్యాల్ని బలహీనత అనుకుని తీసేయాలనిపిస్తుంది. తీయొద్దు. రేపు ఇంటర్వ్యూలో ‘మీ కస్టమర్లలో ఎందరు తిరిగి వచ్చారు?’ అని అడిగితే, జవాబు ఎందుకు చెప్పలేమో మీకు ముందే తెలుసని ఆ వాక్యం చెబుతుంది.

ఇంత శ్రద్ధగా రాసినా, లింకు తెరుచుకోకపోతే అంతా వృథా. పవర్ బీఐలో తయారుచేసినవారికి ఈ ఇబ్బంది ఎక్కువ. మీ బ్రౌజరులో పైన కనబడే చిరునామాను కాపీ చేసి పంపితే అవతలివారికి సైన్ ఇన్ పేజీ వస్తుంది. అందరికీ తెరుచుకోవాలంటే ‘Publish to web’ ద్వారా లింకు తీయాలి. ఆ సౌకర్యం ఉండేది ఆఫీసు లేదా కాలేజీ ఖాతాల్లో, అక్కడా అడ్మిన్ దాన్ని ఆపి ఉంచవచ్చు. అది కుదరనివారు టాబ్లో పబ్లిక్‌లో పెట్టుకోవచ్చు. అక్కడ పెట్టింది ఎవరైనా లాగిన్ లేకుండా చూడగలరు. ఈ రెండు దారుల్లోనూ మీ డేటా లోకం ముందుకు వస్తుంది. అందువల్ల ఇప్పుడు పనిచేస్తున్న సంస్థ అంకెల్ని, పేర్లు మార్చి అయినా సరే, అక్కడ పెట్టకూడదు. కొత్త సంస్థవారు దాన్ని ప్రతిభగా చూడరు, రేపు మా డేటానూ ఇలాగే పెడతారనుకుంటారు. ఆ అనుకోవడం న్యాయమే.

గిట్‌హబ్‌లో .pbix ఫైలు ఒక్కటే పెట్టినవారు ఎందరో. అది బ్రౌజరులో తెరుచుకోదు. దింపుకుని, పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉన్న కంప్యూటరులో తెరవాలి. మొదట చదివే హెచ్ఆర్ ఉద్యోగి అంత పని పెట్టుకోరు. డాష్‌బోర్డు మొదటి పేజీని బొమ్మగా తీసి README లో పైనే పెడితే లింకు ఏ కారణంతో తెరుచుకోకపోయినా కనీసం అది కనబడుతుంది. ఆ బొమ్మ కింద మెయిల్లో చెప్పిన మాటలే మళ్లీ ఉండాలి. తర్వాత డేటా ఎక్కడిది, ఏ వరుసలు ఉంచారు, ఏవి తీశారు, ఎందుకు, కోడు ఏ ఫైలుతో మొదలుపెట్టి నడపాలి అన్నవి రాయాలి. నోట్‌బుక్‌లో డేటాబేస్ పాస్‌వర్డు మిగిలిపోయిందేమో కూడా చూసుకోవాలి. మిగిలితే చెరిపేస్తే సరిపోదు, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. పాస్‌వర్డునే మార్చాలి.

పంపే ముందు లింకులు రెండింటినీ బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో విండోలో, ఆపైన ఫోనులో తెరిచి చూడండి. మీ ఖాతాతో తెరిస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనబడతాయి. ఫోనులో చూసేవారు చాలామంది. నాలుగు చార్టుల పేజీ అందులో అగ్గిపెట్టెలంతగా కుంచించుకుపోతే, 38 శాతం అన్న అంకెను ఒక పెద్ద కార్డుగా పేజీ తలపైన పెట్టాలి.

ఆఖరున చూడాల్సింది, చాలామంది చూడనిది, ఫిల్టరు. డాష్‌బోర్డులో దేశం ఫిల్టరును ఏదో పరీక్షించడానికి ‘ఫ్రాన్స్’ మీద పెట్టి అలాగే పబ్లిష్ చేసేస్తారు. మెయిల్లో ఒక అంకె, తెర మీద ఇంకో అంకె. చదివేవారు ఫిల్టరు దాకా వెళ్లరు, రెండూ కలవలేదని మాత్రం గమనిస్తారు. అన్ని ఫిల్టర్లనూ మొదటి స్థితికి తెచ్చి, 2011 డిసెంబరును పూర్తి కాని నెలగా వేరే రంగులో చూపి, మెయిల్లోని ప్రతి అంకెనూ డాష్‌బోర్డులో వేలు పెట్టి చూసుకున్నాకే పంపాలి.