ఉత్తరం అందిందనడానికి రుజువేది?

ఖమ్మం దగ్గర ఓ రైతు గుంటూరు వ్యాపారికి మిర్చి అమ్మాడనుకుందాం. వ్యాపారి 1,80,000 రూపాయలకు చెక్కు రాసిచ్చాడు. రైతు బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బు లేదంటూ అది వెనక్కి వచ్చింది. బ్యాంకు వాళ్లు చెక్కుతో పాటు ఓ చిన్న మెమో చేతిలో పెట్టారు. ఆ రోజు 2026 ఫిబ్రవరి 3. రైతు ఫోన్ చేస్తే వ్యాపారి ‘రేపు, ఎల్లుండి’ అంటున్నాడు. ఇలాంటప్పుడు చాలామంది ఇంకో నెల ఆగుతారు. చట్టం మాత్రం ఆగదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, చెక్కు బౌన్సయిన సంగతి తెలిసిన 30 రోజుల్లోగా డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అంటే మార్చి 5 ఆఖరు తేదీ. ఆ నోటీసు అందిన నాటి నుంచి వ్యాపారికి 15 రోజుల గడువుంటుంది. అప్పటికీ కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా రైతు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

ఈ లెక్కంతా ఒక్క తేదీ మీద నిలబడి ఉంది. నోటీసు అవతలి మనిషికి ఏ రోజు అందిందన్నదే ఆ తేదీ.

నోటీసు లాయరే రాయాలని చట్టంలో లేదు, రైతు స్వయంగా రాసుకోవచ్చు. కానీ అంకె దగ్గర జాగ్రత్త పడాలి. నోటీసులో అడిగే సొమ్ము, చెక్కు మీద ఉన్న సొమ్ము ఒకటే కావాలని సుప్రీంకోర్టు 2025లో కావేరీ ప్లాస్టిక్స్ కేసులో మరోసారి గట్టిగా చెప్పింది. వడ్డీ, ఖర్చులు కూడా అడగాలనుకుంటే విడిగా చూపించాలి గానీ, అన్నీ కలిపి ఒకే మొత్తంగా రాస్తే నోటీసు చెల్లకుండా పోతుంది.

ఇక పోస్టాఫీసు. ‘రిజిస్టర్ పోస్టు విత్ ఏడీ’ అని అడగడం మనకు తరతరాల అలవాటు. 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. ఇప్పుడు కౌంటర్ దగ్గర స్పీడ్ పోస్టు చేసి, దానికి రిజిస్ట్రేషన్ కావాలని ప్రత్యేకంగా అడగాలి. అడక్కపోతే వెళ్లేది మామూలు స్పీడ్ పోస్టే. దాన్ని ఆ చిరునామాలో ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయవచ్చు. రిజిస్ట్రేషన్ ఉంటే చిరునామాదారుకు గానీ, ఆయన అధికారమిచ్చిన మనిషికి గానీ మాత్రమే ఇవ్వాలి. 2025 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చిన ధరల ప్రకారం, 50 గ్రాముల లోపు కవరు వేరే ఊరికి పంపితే 47 రూపాయలు, రిజిస్ట్రేషన్‌కు మరో 5, వాటిపై జీఎస్టీ. సంతకంతో తిరిగొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్‌కు విడిగా రుసుముంటుంది, దాన్నీ నోరు తెరిచి అడగాల్సిందే. ఐదు రూపాయల దగ్గర పొదుపు చూపించే చోటు కాదిది.

కౌంటర్ వదిలి వచ్చేముందు రసీదు చదవాలి. 13 అక్షరాల ఆర్టికల్ నంబరు, వ్యాపారి పేరు, పిన్‌కోడ్, బరువు, తేదీ, సమయం అందులో ఉంటాయి. పేరు సగమే పడినా, పిన్‌కోడ్‌లో ఒక అంకె మారినా అక్కడికక్కడే దిద్దించుకోవాలి. ‘ఆ చిరునామా నాది కాదు’ అన్న వాదన పుట్టేది ఇక్కడే. ఇంకో సంగతి, ఆ రసీదు థర్మల్ కాగితం. బీరువాలో పెట్టి మరిచిపోతే కొన్నాళ్లకు అక్షరాలు మాసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఇంటికి రాగానే జిరాక్స్ తీయించి, ఫొటో కూడా తీసి పెట్టుకోవాలి.

రైతు ఫిబ్రవరి 9న కవరు పోస్టు చేశాడు. తపాలా శాఖ వెబ్‌సైటులో ఆర్టికల్ నంబరు కొడితే 12న డెలివరీ అయినట్టు కనిపించింది. ఆ పేజీ ఎల్లకాలం ఉండదు కాబట్టి కనిపించిన రోజే ప్రింటు తీసుకోవాలి. వారం తర్వాత ఏడీ కార్డు వచ్చింది. మీద అర్థంకాని గీతలాంటి సంతకం, పక్కన 13వ తేదీ! ఇలా రెండు తేదీలు ఎదురైతే ఏం చేయాలి? 15 రోజుల గడువును ఆలస్యపు తేదీ నుంచి లెక్కపెట్టడం క్షేమం. ఎందుకంటే గడువు తీరకముందే వేసిన ఫిర్యాదు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో తేల్చింది. కోర్టుకు వెళ్లాల్సిన ఆఖరు తేదీని మాత్రం ముందు తేదీ నుంచే లెక్కించుకోవాలి. 12న అందిందనుకుంటే గడువు 27తో ముగుస్తుంది, 13 అనుకుంటే 28తో. కాబట్టి రైతు మార్చి మొదటి వారం దాకా ఆగి, 28వ తేదీకి బాగా ముందే ఫిర్యాదు వేసేస్తే రెండు లెక్కలకీ సరిపోతుంది. కార్డు అసలు తిరిగి రాకపోతే, ఏ రోజు ఎవరికి ఇచ్చారో రాసివ్వమని పోస్టాఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు.

వ్యాపారి తెలివైనవాడైతే కవరే తీసుకోడు. అప్పుడది ‘రెఫ్యూజ్డ్’ అనో, ‘అన్‌క్లెయిమ్డ్’ అనో ముద్రతో తిరిగొస్తుంది. దీన్ని చూసి నోటీసు వృథా అయిందని దిగులు పడేవాళ్లున్నారు. నిజానికి ఆ కవరు బంగారం. సరైన చిరునామా రాసి, రుసుము కట్టి, రిజిస్టర్ పోస్టులో పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అందలేదని చూపించే భారం అవతలివాళ్లది. ‘అన్‌క్లెయిమ్డ్’గా తిరిగొచ్చిన నోటీసు కూడా అందినట్టేనని 1999లో కె. భాస్కరన్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2007లో సి.సి. అలవి హాజీ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. నోటీసు రాలేదనేవాడు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేయవచ్చు కదా, అదీ చేయకుండా నోటీసు రాలేదని వాదిస్తే కుదరదంది. ఇంతకీ రైతు చేయకూడని పని ఒక్కటే: తిరిగొచ్చిన కవరును చింపకూడదు. ముద్రలు, పోస్ట్‌మ్యాన్ రాతలతో సీలు చెడకుండా కోర్టులో ఇవ్వాలి. చిరునామా సరిగా లేదనో, ఇల్లు ఖాళీ చేశారనో రాసి తిరిగొస్తే మాత్రం సంగతి వేరు. గడువు మిగిలుంటే వెంటనే సరైన చిరునామాకు మళ్లీ పంపాలి. మొదటిసారి చివరి రోజు దాకా ఆగితే ఈ అవకాశం ఉండదు.

కవరు అందిందని తేలినా, ‘అందులో ఉన్నవి ఖాళీ కాగితాలు’ అనే మొండివాళ్లుంటారు. ఈమెయిల్ అక్కరకొచ్చేది ఇక్కడే. పోస్టు చేసిన రోజే, సంతకం పెట్టిన నోటీసు స్కాన్, పోస్టల్ రసీదు స్కాన్ జతచేసి, మెయిల్లో ఆర్టికల్ నంబరు రాసి పంపితే కవరులో ఏముందో చెప్పే రెండో సాక్ష్యం తయారవుతుంది. బిల్లు పుస్తకం మీద వ్యాపారి అచ్చువేసుకున్న ఈమెయిల్‌కే పంపాలి. ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఫలానా ఈమెయిల్‌కు పంపమని చెప్పినవాళ్ల విషయంలో, మెయిల్ అందులోకి చేరిన క్షణమే అందిన సమయం. తెరిచి చూశాడా లేదా అన్నది అనవసరం. మెయిల్ చేరలేదని సిస్టమ్ నుంచి తిరుగు సందేశం వస్తే దాన్నీ దాచుకుని, పోస్టు మీదే ఆధారపడాలి.

మెయిల్‌ను సెంట్ ఫోల్డర్‌లోంచి తుడిచేసి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ ఉందిలే అనుకుంటే లాభం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి ప్రింటును కోర్టులో పెట్టాలంటే నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ రాయాలి, నిపుణుడి సంతకమూ ఉండాలి. ఆ పని లాయరు చూసుకుంటాడు, అసలు మెయిల్ చెక్కుచెదరకుండా ఉంచడం రైతు పని.

మార్చి మొదటి వారంలో లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు రైతు సంచిలో ఉండాల్సినవి చెక్కు, బ్యాంకు మెమో, నోటీసు కాపీ, పోస్టల్ రసీదు, ట్రాకింగ్ ప్రింటు, ఏడీ కార్డు, మెయిల్ ప్రింటు. వీటన్నిటిలోకీ లాయరు మొదట అడిగేది బ్యాంకు మెమో. నోటీసు 30 రోజుల్లోపు వెళ్లిందో లేదో ఆ తేదీని బట్టే తేలుతుంది.