ఏడో నెల ఆయాసం వెనుక సన్నబడిన వాల్వు

గర్భం దాల్చిన ఆరో వారానికల్లా ఒంట్లో రక్తం పెరగడం మొదలవుతుంది. కడుపు బయటికి కనిపించకముందే గుండెకు పని పెరుగుతుందన్నమాట. ఎనిమిదో నెలకల్లా తిరిగే రక్తం మామూలుకన్నా 40 నుంచి 50 శాతం ఎక్కువ. నాడి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. రక్తనాళాలు వదులవుతాయి కనుక నడిమి నెలల్లో బీపీ కాస్త తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఇదంతా తట్టుకుంటుంది. మెట్లెక్కితే కొంచెం ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు చాలామందికి ఉండేవే.

చిక్కంతా ఇక్కడే. జబ్బు గుండె కూడా మొదట ఇవే లక్షణాలు చూపిస్తుంది. ‘కడుపుతో ఉన్నప్పుడు అందరికీ ఇంతేలే’ అని ఇంట్లో సర్దిచెప్పుకునే మాట కొందరి ప్రాణం మీదికి తెస్తుంది.

మన దేశంలో గర్భిణుల్లో కనిపించే గుండెజబ్బుల్లో ప్రధానమైనది రుమాటిక్ జబ్బు. చిన్నతనంలో వచ్చిన గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్లనొప్పులతో వచ్చిన జ్వరం కొందరు పిల్లల్లో గుండె వాల్వులకు మచ్చ పెట్టి పోతాయి. ఎక్కువగా దెబ్బతినేది ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు. మామూలుగా దాని ద్వారం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుంటుంది. మచ్చ గట్టిపడేకొద్దీ అంచులు అతుక్కుని ద్వారం సన్నబడుతుంది. 1.5కు దిగితే జబ్బు తీవ్రమైనట్టే.

ఒక ఉదాహరణ చూద్దాం. 24 ఏళ్ల అమ్మాయి, తొలి కాన్పు. ద్వారం 1.2 చదరపు సెంటీమీటర్లే మిగిలిందని ఆమెకు తెలియదు. పెళ్లికి ముందు పొలం పనికి వెళ్లినప్పుడు కాస్త తొందరగా అలసిపోయేది, అంతే. కడుపుతో రక్తప్రవాహం 40 శాతం పెరిగితే ఆ ఇరుకు ద్వారం దగ్గర ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. తూము చిన్నదై పైనుంచి వరద పెరిగితే వెనక చెరువు నిండినట్టు, ఎడమ పై గది నిండి, ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల దాకా తన్నుతుంది. దానికితోడు నాడి వేగం. వాల్వు తెరుచుకుని ఉండేది రెండు దెబ్బల మధ్య విరామంలోనే. నాడి 75 నుంచి 110కి చేరితే ఆ విరామం ఇంచుమించు సగానికి పడిపోతుంది.

ఏడో నెలలో ఆమె వెల్లకిలా పడుకోలేకపోతుంది. నడిరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటుంది. దగ్గితే గులాబి రంగు నురగ వచ్చిందంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినట్టే, ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి. దీన్ని ఆస్తమా అనుకుని మందులిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆస్తమా మందుల్లో కొన్ని నాడిని ఇంకా పరుగెత్తించి పరిస్థితిని దిగజారుస్తాయి. అసలు సంగతి తేల్చేది ఎకో పరీక్ష. అది శబ్దతరంగాలతో చేసేది కనుక బిడ్డకు హాని లేదు.

చికిత్స సూత్రం సులువు: నాడిని నెమ్మదింపజేయాలి, అదనపు నీటిని తీసేయాలి. అందుకు మెటోప్రొలాల్ లాంటి మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మందులు, విశ్రాంతి, ఉప్పు తగ్గించడం. రక్తహీనత ఉంటే గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది కనుక ఐరన్ మాత్రలు మానకూడదు. వీటితో లొంగకపోతే, వాల్వు తీరు అనుకూలిస్తే, తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి బెలూన్‌తో వాల్వును వెడల్పు చేస్తారు. సాధారణంగా 20 వారాలు దాటాక, కడుపుకు ఎక్స్‌రే తగలకుండా అడ్డుపెట్టి చేస్తారు. ద్వారం అర చదరపు సెంటీమీటరు పెరిగినా ఆమె ఆ రాత్రే పడుకుని నిద్రపోగలదు.

గుండెజబ్బు ఉంటే సిజేరియనే అనుకోవడం పొరపాటు. చాలామందికి సహజ కాన్పే మేలు. నొప్పి తెలియకుండా వెన్నులో మందిస్తే నాడి అదుపులో ఉంటుంది. తల్లి గట్టిగా ముక్కే శ్రమ తప్పించడానికి చివర్లో వాక్యూమ్ వాడతారు. ప్రతి నొప్పితో గర్భసంచి 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తాన్ని ఒంట్లోకి నెడుతుంది. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని ఇంకా నెడుతుంది. బిడ్డ పుట్టిందని ఇల్లంతా ఊపిరి పీల్చుకునే ఆ మొదటి రెండు మూడు రోజులే తల్లికి గండం. అప్పుడే ఇంటికి తీసుకెళ్లిపోకూడదు.

కృత్రిమ లోహపు వాల్వు వేయించుకున్నవారి సంగతి వేరు. రక్తం గడ్డకట్టకుండా వాళ్లు వాడే వార్ఫరిన్ తొలి నెలల్లో బిడ్డకు హాని చేయవచ్చు. భయపడి సొంతంగా మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లి ప్రాణానికే ముప్పు. మందు మార్పు, మోతాదు నెల తప్పకముందే గుండె డాక్టరుతో తేల్చుకోవాలి.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చిందనో, మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకునేదనో పుట్టింట్లో ఎవరికైనా గుర్తుంటే, ఆ మాట తొలి పరీక్షలోనే డాక్టరుకు చెప్పండి. ఆ ఇంజెక్షన్ గర్భిణులకూ సురక్షితమే, కడుపుతో ఉందని ఆపక్కర్లేదు.