కారు బుక్ చేశాక మొదలయ్యే గుబులు

పన్నెండు లక్షల కారు బుక్ చేసి ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంటుంది: వదిలేసిన రెండో కారే మంచిదేమో! సరిగ్గానే ఎంచుకున్నానన్న నమ్మకానికీ, వదులుకున్నదాని సుగుణాలకీ మనసులో పొసగదు. ఈ ఇబ్బందినే 1957లో లియాన్ ఫెస్టింజర్ సంజ్ఞానాత్మక వైరుధ్యం అన్నాడు. ధర ఎక్కువై, రెండు కార్లూ ఇంచుమించు సమానమై, వెనక్కివ్వడం కష్టమైతే అది ముదురుతుంది. అప్పుడు మనిషి కొన్న కారు ప్రకటనలే వెతికి చదువుతాడు, రెండోదానిలో లోపాలు పడతాడు.

బుకింగ్‌కీ డెలివరీకీ మధ్య రోజులే కంపెనీకి గండం. 1970లో డొనెల్లీ, ఇవాన్సెవిచ్ ప్రచురించిన అధ్యయనంలో, ఆ రోజుల్లో ఫోన్ చేసి ఎంపిక మంచిదేనని భరోసా ఇస్తే బుకింగ్ రద్దులు తగ్గాయి. అయితే అదే ఏడాది షెల్బీ హంట్ ఫ్రిజ్ కొన్నవాళ్లను పరిశీలిస్తే ఉత్తరం ఊరటనిచ్చింది, ఫోన్ మాత్రం గుబులు పెంచింది. అమ్మాక కూడా ఎందుకు ఫోన్ చేస్తున్నారన్న శంక సహజమే కదా. అందుకే కాగితం మీది వారంటీ, వాపసు గడువు, మొదటి ఉచిత సర్వీసు నాకు ఎక్కువ నమ్మదగినవిగా తోస్తాయి. సేల్స్‌మన్ లేని మైలేజీ చెప్పి అంటగడితే మాత్రం ఏ భరోసా పనిచేయదు. ఆ కొనుగోలుదారుడి ఫిర్యాదు నిజమైనది.